ఖాళీ పైపులోకి ఏం చేరుతోంది? పెరంబూరు ఇంటి నీళ్ళ డైరీ

అక్టోబరు 21

పాపకి ఈ నెలలో రెండోసారి విరేచనాలు. డాక్టరు ఓఆర్ఎస్ రాసి, "ఏ నీళ్ళు తాగుతారమ్మా?" అని అడిగింది. ఫిల్టరు నీళ్ళే అన్నాను. ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది, పళ్ళు తోముకుని పుక్కిలించేది మాత్రం కొళాయి నీళ్ళతోనే. కూరగాయలు కడిగేదీ వాటితోనే.

మాకు చెన్నైలో లైను నీళ్ళు రోజు విడిచి రోజు, పొద్దున ఐదున్నర నుంచి దాదాపు రెండు గంటలు వస్తాయి. అవి సంపులో పడతాయి, అక్కడి నుంచి మోటారుతో పైట్యాంకుకి ఎక్కిస్తాం. ఈ మధ్య సంపులో మొదట పడే నీళ్ళకి కుళ్ళు వాసన వస్తోంది. అత్తయ్యతో అంటే, "వానలు పడితే ఆ వాసన ప్రతి ఏడూ ఉండేదే, కాసేపటికి పోతుంది" అంది. వానాకాలంలోనే ఎందుకు వస్తుంది, కాసేపటికి ఎందుకు పోతుంది? ఈ రెండు ప్రశ్నలకి జవాబు దొరికేదాకా ఇది రాస్తాను. నేను కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి సీసాలకి, మీటర్లకి కొరత లేదు.

అక్టోబరు 24

ఈ రోజు నీళ్ళు ఆగిపోయే సమయానికి సంపు దగ్గర కూర్చున్నాను. ఏడున్నరకి ధార సన్నబడి ఆగింది. కొళాయి తెరిచే ఉంచి, దాని నోటికి పల్చటి పాలిథీన్ ముక్క అడ్డం పెట్టాను. రెండు నిమిషాల్లో ముక్క లోపలికి గుంజుకుని కొళాయికి అతుక్కుపోయింది. వేలు పెడితే చర్మం లాగుతున్నట్టు తెలిసింది.

వీధి లైనుకి పైనుంచి నీళ్ళు ఆపేసినంత మాత్రాన అందులో ఉన్న నీళ్ళు ఆగవు. పల్లంలో ఉన్న ఇళ్ళ సంపుల్లోకి, చేతిపంపుల్లోకి జారిపోతూనే ఉంటాయి. అవి జారేకొద్దీ ఎత్తున ఉన్న మా బోటి ఇళ్ళ పైపులో చోటు ఖాళీ అవుతుంది, ఆ చోటు నింపడానికి బయటి నుంచి ఏదో ఒకటి రావాలి. కొళాయి తెరిచి ఉంటే గాలి వస్తుంది. కొళాయి మూసి ఉండి, మట్టిలో పైపుకి ఎక్కడైనా బొక్క ఉంటే, ఆ బొక్క చుట్టూ ఉన్నదే లోపలికి వస్తుంది. వేసవిలో అక్కడ ఉండేది పొడి మట్టి, గాలి. వానాకాలంలో నీళ్ళు.

నీళ్ళు వచ్చే రెండు గంటలు అదే బొక్క నుంచి మంచి నీళ్ళు బయటికి కారి చుట్టూ మట్టిని తడుపుతాయి. పక్కన మురుగు చాంబరు కూడా కారుతుంటే రెండూ కలిసి అక్కడే నిలుస్తాయి. మిగిలిన నలభై ఆరు గంటలు పైపు ఆ కలిసిన నీళ్ళని తీరిగ్గా వెనక్కి తీసుకుంటుంది. ఇది ఊహ కాదు. హుబ్లీ-ధార్వాడ్‌లో కొన్ని పేటలకి ఇరవై నాలుగు గంటల నీళ్ళు ఇచ్చి, మిగతా పేటలకి పాత పద్ధతిలోనే వదిలినప్పుడు పరిశోధకులు రెండు చోట్లా కొళాయిలు పరీక్షించారు. విడతల వారీగా నీళ్ళు వచ్చే పేటల్లోనే మలసంబంధ బాక్టీరియా ఎక్కువసార్లు దొరికింది. 2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి మనుషులు చనిపోయిన సంగతి మనవాళ్ళు చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అక్టోబరు 26

ఈ రోజు నీళ్ళ రోజు. సంపులోకి పడకముందే, నేరుగా లైను మీది కొళాయి నుంచి వరసగా సీసాలు పట్టాను. సంపులో నీళ్ళు పరీక్షిస్తే తప్పు సంపుదో లైనుదో తెలియదు కదా.

కొలవడానికి ముందుగా టీడీఎస్ మీటరు వాడాను. ఒక మాట ముందే చెప్పాలి. టీడీఎస్ మీటరుకి సూక్ష్మజీవులు తెలియవు. నీళ్ళలో కరిగిన ఉప్పుల్ని మాత్రమే అది లెక్కిస్తుంది. అంకె తక్కువ ఉన్నంత మాత్రాన నీళ్ళు మంచివి కావు. కానీ మా వీధిలో అది ఇంకో విధంగా పనికొస్తుంది. చెరువుల నుంచి శుద్ధి చేసి పంపే నీళ్ళలో ఉప్పులు తక్కువ, మా పెరటి బావిలో ఎక్కువ. అందుకని లైను నీళ్ళలో అంకె పెరిగితే, భూమిలోని నీళ్ళు ఎంత కలిశాయో పట్టుకోవచ్చు.

బావి నీళ్ళు 1450 పీపీఎం. లైను నీళ్ళు పదిహేను నిమిషాలు పోయాక 320 దగ్గర నిలకడగా ఉన్నాయి. మొదట కాసేపు గాలి బుసకొట్టింది. ఆ తర్వాత పట్టిన సీసాల అంకెలు ఇవీ: పది సెకన్లకి 940, ఇరవైకి 910, నలభైకి 520, నిమిషానికి 430, నాలుగు నిమిషాలకి 370, తొమ్మిదికి 325.

సాయంత్రం ఈ అంకెలతోనే కూర్చున్నాను. మొదటి సీసాలో భూమి నీళ్ళ వాటా ఎంత? 940లోంచి 320 తీస్తే 620. బావికీ లైనుకీ తేడా 1130. 620ని 1130తో భాగిస్తే సగానికి కొంచెం పైన. అంటే మొదట పడిన సీసాలో సగానికి పైగా మట్టిలోంచి వచ్చిన నీళ్ళే!

ఇంకా పనికొచ్చే సంగతి ఆ అంకెలు దిగిన తీరులో ఉంది. మా గేటు నుంచి సంపు దాకా ఉన్నది నలభై అడుగుల ముప్పావు అంగుళం జీఐ పైపు. దాని లోపల పట్టేది సుమారు నాలుగు లీటర్లు. పది లీటర్ల బకెట్టు నిండడానికి యాభై సెకన్లు పడుతోంది, అంటే నిమిషానికి పన్నెండు లీటర్లు. ఆ లెక్కన మా సొంత పైపులో నిలిచిన నీళ్ళు ఇరవై సెకన్లలో బయటికి వచ్చేస్తాయి. సరిగ్గా అంతవరకే అంకె తొమ్మిది వందల పైన ఉంది, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోయింది. కాబట్టి పెద్ద బొక్క మా కాంపౌండులోనే ఉంది. నిమిషం తర్వాత కూడా తొమ్మిది నిమిషాల దాకా మెల్లగా దిగిన ఆ తోక మాత్రం వీధి లైనులో చేరిన నీళ్ళది.

ఇన్నాళ్ళూ తప్పంతా వీధిలోనే అనుకున్నాను.

నవంబరు 2

క్లోరిన్ చుక్కల మందుతోనూ చూశాను. అంగడిలో అక్వేరియంకీ, స్విమ్మింగ్‌పూల్‌కీ అమ్మే చిన్న కిట్టు చాలు. క్లోరిన్ ఉంటే నీళ్ళు పసుపు రంగుకి తిరుగుతాయి. మొదటి సీసాకి రంగే రాలేదు. మూడు నిమిషాలకి లేత పసుపు, పదిహేను నిమిషాలకి స్పష్టమైన పసుపు. కొళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది మన దేశపు ప్రమాణం. మురుగు కలిస్తే క్లోరిన్ దాన్ని విరగ్గొట్టడంలోనే ఖర్చయిపోతుంది. అందుకే మొదటి నీళ్ళలో ఏమీ మిగల్లేదు.

హెచ్2ఎస్ సీసాలు కూడా పెట్టాను. ఇవి లోపల మందు పూసిన కాగితం ఉన్న చిన్న సీసాలు. నీళ్ళు పోసి గది వెచ్చదనంలో ఉంచితే, మలసంబంధ బాక్టీరియా ఉన్నప్పుడు నల్లబడతాయి. పది సెకన్ల నీళ్ళు మర్నాడు పొద్దునకే సిరాలా నల్లబడ్డాయి. నాలుగు నిమిషాలవి రెండో రోజుకి. పదిహేను నిమిషాలవి రెండు రోజులైనా మారలేదు. ఈ సీసా ఉందా లేదా అనే చెబుతుంది గానీ ఎంత ఉందో చెప్పదు, వేరే బాక్టీరియాకి కూడా ఒక్కోసారి నల్లబడుతుంది. అయినా ఒకే పొద్దున, ఒకే కొళాయి నుంచి పట్టిన మూడు సీసాలు ఇలా వరసగా తేడా చూపిస్తే నాకు ఇంకో రుజువు అక్కర్లేదు.

ఈ రోజు నుంచి పళ్ళు తోముకోవడానికి కూడా మరిగించిన నీళ్ళే. తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచి దించుతున్నాను. ఫిల్టరు నీళ్ళనీ మరిగిస్తున్నాను. మాది యూవీ ఫిల్టరు, నీళ్ళు కలకగా ఉంటే ఆ వెలుగు సూక్ష్మజీవుల దాకా సరిగ్గా చేరదు.

నవంబరు 8

నాలుగు రోజులుగా ముసురు. బావిలోకి తాడు వదిలి కొలిచాను. సెప్టెంబరులో నేల నుంచి పదకొండు అడుగుల లోతున ఉన్న నీళ్ళు ఇప్పుడు అడుగున్నర లోతుకి వచ్చాయి. పైపు పాతింది రెండున్నర అడుగుల లోతున. అంటే పైపు ఇప్పుడు అడుగు నీళ్ళ కింద మునిగి ఉంది. లోపల ఖాళీ, బయట అడుగు నీళ్ళ బరువు. లోపలికి లాగే శక్తి ఏదీ లేకపోయినా అవి వాటంతట అవే దూరతాయి. "వానలప్పుడే ఎందుకు" అన్న ప్రశ్నకి జవాబు బావి తాడు మీదే దొరికింది. అత్తయ్యకి చూపిస్తే, "నలభై ఏళ్ళుగా ఈ బావి ఈ పెరట్లోనే ఉంది, ఎవరికీ తట్టలేదు" అంది.

నవంబరు 9

ప్లంబరు వచ్చాడు. నెల్లూరు మనిషి, పాతికేళ్ళుగా ఈ పేటలోనే పని. పైపు ఎటు పోయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. అతను గేటునీ సంపునీ ఓసారి చూసి, "అమ్మా, అప్పటివాళ్ళు దగ్గరి దారి చూసుకుంటారు. చాంబరు పక్క నుంచే పోయుంటది" అన్నాడు. అలాగే ఉంది.

తవ్వుతుంటే నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి, ఒకరు తోడుతుంటే ఒకరు తవ్వారు. మురుగు చాంబరు ఇటుక గోడకి ఆనుకుని, జానెడు కూడా ఎడం లేకుండా జీఐ పైపు పోయింది. ఆ భాగం తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడుతోంది. గుడ్డతో తుడిస్తే సూది మొనంత బొక్కలు మూడు కనబడ్డాయి. జాయింటు దగ్గర చుట్టిన జనుము కుళ్ళిపోయింది. చాంబరు గోడకి సిమెంటు రాలి, ఇటుకల సందుల్లోంచి నల్లటి నీళ్ళు గుంటలోకి కారుతున్నాయి.

గుంటలో నీళ్ళు ఒక సీసాలో పట్టి కొలిచాను. 1180. చాంబరు లోపలి మురుగు 780. మొదటి సీసా 940 కాబట్టి అది ఒట్టి మురుగే అయి ఉండదు. బావి నీళ్ళూ మురుగూ కలిసిన ఈ గుంట నీళ్ళే పైపులోకి వెళ్ళాయి. లెక్క మళ్ళీ వేశాను. 620ని 860తో భాగిస్తే 0.72. మొదటి సీసాలో దాదాపు ముప్పావు వంతు ఈ గుంటలోవే. పాప పుక్కిలించింది ఈ నీళ్ళు కలిసినవే. ఆ సీసా చేత్తో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

నవంబరు 10

బొక్కలకి క్లాంపు వేయిద్దామా అంటే ప్లంబరు ఒప్పుకోలేదు. తుప్పు పట్టిన పైపుకి ఒక చోట మూస్తే పక్కన ఇంకొకటి పడుతుందన్నాడు. మంచినీళ్ళ లైనుకీ మురుగు లైనుకీ అడ్డంగా మూడు మీటర్ల ఎడం ఉండాలి, దాటాల్సి వస్తే మంచినీళ్ళ పైపు కనీసం అర మీటరు పైనుంచి పోవాలి. మాది ఆరడుగుల సందు, మూడు మీటర్లు ఎక్కడి నుంచి తెస్తాం?

అందుకని పైపుని అసలు పాతడమే మానేశాం. గేటు దగ్గర లైను పైకి వచ్చే చోటు నుంచి హెచ్‌డీపీఈ పైపు తీసుకుని, చాంబరుకి ఎదుటి వైపు కాంపౌండు గోడ మీద అడుగు ఎత్తున క్లాంపులతో బిగించాం. ఇప్పుడు కారితే కంటికి కనబడుతుంది. ఖాళీ అయినా దాని చుట్టూ ఉండేది గాలే. పాత పైపుని రెండు వైపులా కోసి మూతలు బిగించాడు. దాన్ని అలాగే లైనుకి తగిలించి వదిలేస్తే చేసిన పనంతా వృథా. చాంబరు గోడకి లోపల, బయట సిమెంటు పూత పెట్టించాం. గేటు అవతలి భాగం జోలికి పోలేదు. రోడ్డు తవ్వడానికి అనుమతి కావాలి, అది మా చేతిలోది కాదు.

అడుగు ఎత్తుకి ఎక్కాల్సి రావడంతో ధార కొంచెం తగ్గింది, నిమిషానికి పది లీటర్లు.

నవంబరు 15

మళ్ళీ సీసాలు. ఈ రోజు లైను నిలకడ అంకె 335. ఊరికి నీళ్ళు ఒక్క చెరువు నుంచి రావు. పుళల్, చెంబరంబాక్కం చెరువులు, కండలేరు నుంచి పూండికి వచ్చే కృష్ణ నీళ్ళు, సముద్రపు నీళ్ళు శుద్ధి చేసే ప్లాంట్లు, అన్నీ ఉన్నాయి. అందుకే పాత అంకెతో పోల్చకుండా ప్రతిసారీ ఆ రోజు పదిహేనో నిమిషం అంకెనే ఆధారంగా తీసుకోవాలి.

పది సెకన్లకి 450. నిమిషానికి 440. నాలుగు నిమిషాలకి 385. పదకొండో నిమిషానికి నిలకడ.

మొదటి కొండ పోయింది, తోక మిగిలింది. గుంట నీళ్ళ అంకెతో లెక్కేస్తే, 450 అంటే ఇంకా ఏడెనిమిదో వంతు వీధిలోని భూమి నీళ్ళే. హెచ్2ఎస్ సీసా రెండో రోజుకి నల్లబడింది. తోక మీద నాకు అధికారం లేదు కాబట్టి దాన్ని సంపులో పడకుండా ఆపాలి.

సంపుకి ముందు పైపుకి ఒక టీ, రెండు వాల్వులు పెట్టించాను. ఒకటి సంపుకి, ఒకటి రెండు వందల లీటర్ల డ్రమ్ముకి. నీళ్ళు రాగానే మొదటి పన్నెండు నిమిషాలు డ్రమ్ములోకి. అది నూట ఇరవై లీటర్లు. చెన్నైలో అన్ని నీళ్ళు పారబోయడానికి మనసొప్పదు, అవి బాత్రూము ఫ్లష్‌కి, వాకిలి కడగడానికి పోతాయి. డ్రమ్ము మీద ఎర్ర పెయింటుతో "కక్కసుకి మాత్రమే" అని రాశాను. పాపకి అందని ఎత్తులో మూత బిగించాం. పన్నెండు నిమిషాలన్నది మా ఇంటి లెక్క. వీధి చివర ఇంటికి ఇంకా ఎక్కువ పట్టొచ్చు. వాసన పోయిందని కాకుండా చుక్కల మందుకి పసుపు వచ్చిందో లేదో చూసి వాల్వు తిప్పడమే నమ్మకం.

నవంబరు 23

ఆదివారం తీరిగ్గా రెండు గంటలూ కొలుస్తూ కూర్చున్నాను. ఆరుంబావుకి ఒక వింత జరిగింది. నిలకడగా 330 దగ్గర ఉన్న అంకె ఉన్నట్టుండి 385కి ఎక్కింది, ధార సన్నబడింది. ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ దిగింది. గోడకి చెవి పెడితే పక్కింట్లో మోటారు చప్పుడు.

పక్కింటి మామ వాళ్ళకి సంపు లేదు. మోటారుని నేరుగా లైనుకే తగిలించి పైట్యాంకుకి ఎక్కిస్తారు. చట్టప్రకారం తప్పే, కానీ మా వీధిలో సగం ఇళ్ళు అంతే. నా బాధ వేరు. భూమి నీళ్ళు పైపు మీద మోపే బరువు ఒక అడుగు. ఇంటి మోటారు గుంజే బలం ఆరేడు మీటర్ల దాకా ఉండొచ్చు. లైనులో వచ్చే నీళ్ళు దానికి చాలకపోతే మిగతాది ప్రతి బొక్క నుంచీ లాగుతుంది. అంటే మొదటి నీళ్ళు డ్రమ్ములోకి వదిలి జాగ్రత్తపడ్డా, మధ్యలో మళ్ళీ మురుగు వస్తుంది.

సాయంత్రం వెళ్ళాను. "మామా, మీ మోటారు ఆన్ చేశాక మీ ట్యాంకులో పడే నీళ్ళే ఓసారి చూద్దామా" అన్నాను. మా కొళాయి సంగతి ఎత్తలేదు. మంగళవారం నీళ్ళ రోజు కదా, రమ్మన్నారు. 

నవంబరు 25

మామ వాళ్ళ పైట్యాంకు పైపు దగ్గర 470 వచ్చింది. మాకంటే ఎక్కువ, ఎందుకంటే గుంజేది వాళ్ళ పైపే. పక్కింటి అత్త ఆ అంకె చూసి, "మనమే డబ్బులు పోసి కరెంటు పెట్టి మురుగు తోడుకుంటున్నామా?" అంది. గేటు పక్కన నేల మీద ఐదు వందల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టి, లైను దానంతట అది అందులో పడేలా చేసి, మోటారు ఆ ట్యాంకు నుంచి లాగితే చాలని చెప్పాను. సంక్రాంతికి ముందు చేయిస్తానన్నారు మామ.

నవంబరు 30

మొన్న సంపు పని చేయించాం. ఖాళీ చేయించి లోపల చూస్తే, లైను పైపు సంపు అడుగు దాకా దిగి ఉంది. చప్పుడు కాకుండా అలా పెట్టారట. నీళ్ళు ఆగిపోయి లైను గుంజినప్పుడు మా సంపులోని నీళ్ళు వెనక్కి వీధిలోకి పోతాయి. నలుగురి నీళ్ళు నలుగురికీ పంచే ఏర్పాటు అది. పైపుని ఓవర్‌ఫ్లో బొక్క కంటే అర అడుగు పైన కోయించాం. ఇక సంపు నీళ్ళకి పైపు తగలదు. నాన్ రిటర్న్ వాల్వు కూడా పెట్టొచ్చు, కానీ లోపల ఇసుక రేణువు ఇరుక్కుంటే అది మూసుకోదు. ఈ గాలి ఎడానికి ఆ బెడద లేదు.

గోడలు బ్రష్షుతో తోమి, వెయ్యి లీటర్లు పట్టి, రెండు వందల గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపాం. పౌడరులో పాతిక శాతం క్లోరిన్ అనుకుంటే లీటరుకి యాభై మిల్లీగ్రాములు. అవే నీళ్ళు పైట్యాంకుకీ అన్ని కొళాయిలకీ చేరేలా చేసి, రాత్రంతా ఉంచి మర్నాడు వదిలేశాం. ఆ రాత్రి వాడుకకి క్యాన్లు తెచ్చుకున్నాం. సంపులోకి దిగేముందు మూత గంటసేపు తీసి ఉంచాలి, పైన ఒక మనిషి తప్పక ఉండాలి. పౌడరు వేశాక మాత్రం ఎవరూ దిగకూడదు.

ఇక రోజువారీ మోతాదు వేరు. మా సంపు మూడు వేల లీటర్లు. లీటరుకి రెండు మిల్లీగ్రాముల లెక్కన ఆరు గ్రాముల క్లోరిన్, అంటే ఇరవై నాలుగు గ్రాముల పౌడరు. దాన్ని మగ్గులో కొద్ది నీళ్ళతో కలిపి, తెల్లమడ్డి అడుక్కి దిగాక పైతేట మాత్రం సంపులో పోస్తాను. అరగంట ఆగి చుక్కల మందుతో చూస్తాను. లీటరుకి 0.5 మిల్లీగ్రాముల రంగు కనబడాలి. మొదటిసారి రంగు రాలేదు. పౌడరు పొట్లం విప్పి మూడు నెలలు వంటింట్లో ఉంచానని అప్పుడు గుర్తొచ్చింది, తడి తగిలి బలం పోయింది. కొత్త పొట్లం తెచ్చి గట్టి మూత డబ్బాలో పెట్టాను. క్లోరిన్‌కి లొంగని పరాన్నజీవులు కొన్ని ఉన్నాయి కాబట్టి తాగే నీళ్ళు మరిగించడం ఆపలేదు.

డిసెంబరు 21

మూడు వారాలుగా సంపు నీళ్ళ హెచ్2ఎస్ సీసాలు నల్లబడలేదు. పాపకి మళ్ళీ విరేచనాలు రాలేదు. అది నీళ్ళ వల్లే అని ఒక్క పిల్లని చూసి చెప్పలేను, కానీ రాత్రిళ్ళు నాకు నిద్ర పడుతోంది.

మధ్యలో ఒక రోజు అత్తయ్య పూజ తొందరలో డ్రమ్ము వాల్వు తిప్పడం మరిచి నేరుగా సంపుకి వదిలేసింది. టెన్షన్ పడింది పాపం. ఆ రోజు మోతాదు కొంచెం పెంచి, అరగంటకి రంగు చూసి, ఇంకోసారి చూసి వాడాం. ఇప్పుడు రెండు వాల్వులకీ రంగు గుడ్డలు కట్టాను. నీళ్ళు ఆగగానే సంపు వాల్వు మూసి డ్రమ్ము వాల్వు తెరిచి ఉంచుతున్నాం. తర్వాతిసారి నీళ్ళు ఎప్పుడు వచ్చినా, మేం నిద్రలో ఉన్నా, మొదట డ్రమ్ములోకే పడతాయి. డ్రమ్ములోకి పోయే పైపు కూడా నీళ్ళలో మునగకుండా అంచుకి పైనే ఉంది.

జనవరి 11

బావి నీళ్ళు నాలుగు అడుగుల లోతుకి దిగాయి. లైను నిలకడ 325, మొదటి సీసా 360. వీధి పైపు చుట్టూ ఉన్న నీళ్ళు కిందికి జారినకొద్దీ తోక పొట్టిదవుతోంది, ఆరో నిమిషానికే నిలకడ వస్తోంది. అయినా పన్నెండు నిమిషాలు తగ్గించను. పైపు పైన నీళ్ళు లేకపోయినా చుట్టూ మట్టి తడిగానే ఉంటుంది, వీధిలో మోటార్లు గుంజుతూనే ఉంటాయి.

నిన్న పక్కింట్లో ట్యాంకు దిగింది. ఈ పొద్దున ఆరుంబావుకి మీటరు పట్టుకుని కూర్చున్నాను. అంకె కదల్లేదు. మామ గోడ మీంచి తొంగి చూసి, "ఎంతమ్మా?" అన్నారు. మూడు వందల ఇరవై ఐదు అన్నాను. తన సీసా కూడా అందించారు, కొలవమని.